మంచాన పడ్డ పిల్ల హాజరు లెక్క

పదో తరగతి గది. మొదటి పీరియడ్. క్లాస్ టీచర్ హాజరు రిజిస్టర్ తెరిచి పేర్లు పిలుస్తూ 17వ నంబరు దగ్గర ఆగింది. ఆ వరుసలో మూడు వారాలుగా ఎర్రసిరా ‘ఆ’లే కనిపిస్తున్నాయి. ఆ అమ్మాయి ఎక్కడుందో టీచరుకు తెలుసు. ఆసుపత్రి మంచం మీద ఉంది. నిన్న సాయంత్రమే వాళ్లమ్మ ఫోన్ చేసి, “హాజరు సంగతి మీరే చూసుకోవాలి మేడమ్, పిల్ల ఏడాది పోకూడదు” అంది. పెన్ను పట్టుకున్న చెయ్యి తటపటాయిస్తుంది. వారానికి రెండు రోజులు నల్లసిరాతో ‘హా’ అని వేస్తే పోయేదేముంది?

చాలా పోతుంది. ఎక్కువ నష్టం ఆ పిల్లకే. ఎందుకో తెలియాలంటే సెలవు, హాజరు, మినహాయింపు అనే మూడింటినీ విడివిడిగా చూడాలి. తల్లిదండ్రులు ఈ మూడింటినీ తరచూ ఒకటిగా కలిపేస్తారు. కొన్ని బడుల్లో టీచర్లు కూడా అదే పొరపాటు చేస్తారు.

డాక్టరు సర్టిఫికెట్ ఇస్తే ఆ రోజులు హాజరుగా మారిపోతాయని చాలామంది నమ్మకం. సీబీఎస్‌ఈ పదో తరగతి, పన్నెండో తరగతి విషయంలో అలా జరగదు. బడి నడిచిన రోజుల్లో పిల్ల ఎన్ని రోజులు వచ్చిందన్నదే లెక్క. జబ్బుతో రాని రోజు కూడా రాని రోజే. అది హాజరులో కలవదు, మొత్తం పనిదినాల్లోంచి తీసెయ్యడానికీ వీల్లేదు. సర్టిఫికెట్ చేసే పని వేరు. హాజరు ఎందుకు తగ్గిందో అది చెబుతుంది. ఆ కారణం చూసి, తగ్గిన హాజరును మన్నించి పరీక్షకు కూర్చోనివ్వాలా వద్దా అన్నది బోర్డు నిర్ణయిస్తుంది. బడుల్లో అందరూ దాన్ని కండోనేషన్ అంటారు. బడి సిఫారసు చేయగలదే తప్ప మంజూరు చేసే అధికారం దానికి లేదు.

జ్వరం వచ్చి నాలుగు రోజులు రాని పిల్లల విషయంలో ఈ తేడాతో పనే ఉండదు. రెండు నెలలు రాని పిల్ల విషయంలో మొత్తం దీని మీదే నడుస్తుంది.

సీబీఎస్‌ఈ నిబంధన ప్రకారం బోర్డు పరీక్ష రాయాలంటే 75 శాతం హాజరుండాలి. తరగతి మొదలైన రోజు నుంచి, పరీక్షలు మొదలయ్యే నెలకు ముందు నెల ఒకటో తేదీ దాకా లెక్కిస్తారు. పరీక్షలు ఫిబ్రవరిలో మొదలవుతాయి కాబట్టి జనవరి 1 దగ్గర లెక్క ఆగుతుంది. తక్కువ పడిన పిల్లల కాగితాలు జనవరి 7లోగా బోర్డు ప్రాంతీయ కార్యాలయానికి చేరాలి. మధ్యలో ఉన్నది ఒక్క వారం. ఆ వారంలో కాగితాలు వెతకడం మొదలుపెట్టిన బడి సాధారణంగా ఓడిపోతుంది.

ఎంత తక్కువైతే ఏమవుతుంది? 15 శాతం దాకా, అంటే 60 శాతానికి తగ్గకుండా ఉంటే, బోర్డు ఛైర్మన్ మన్నించవచ్చు. దీర్ఘకాలిక అనారోగ్యం, తల్లో తండ్రో చనిపోవడం, అంత తీవ్రమైన మరో కారణం ఏదైనా ఉండాలి. 60 శాతం కంటే తగ్గితే తలుపు దాదాపు మూసుకుంటుంది. క్యాన్సర్, ఎయిడ్స్, టీబీ వంటి జబ్బులతో చాలాకాలం ఆసుపత్రిలో ఉండాల్సి వచ్చిన అసాధారణ సందర్భాల్లోనే అలాంటి వాటిని పరిశీలిస్తారు. ఈ జబ్బుల పేర్లు నిబంధనలోనే ఉన్నాయి.

ఇప్పుడు 17వ నంబరు అమ్మాయి లెక్క చూద్దాం. ఇలాంటి కేసులు ఎలా నడుస్తాయో చూపించడానికి కట్టిన ఉదాహరణ ఇది. అంకెలు మాత్రం ఏ బడి క్యాలెండరుకైనా దగ్గరగానే ఉంటాయి.

ఏప్రిల్‌లో తరగతి మొదలైంది. డిసెంబరు చివరికి పనిదినాలు 180 అనుకుందాం. అందులో 75 శాతం 135. అంటే ఏడాది మొత్తంలో 45 రోజులు మానినా ఫర్వాలేదు, 46వ రోజు నుంచి కండోనేషన్ అడగాల్సిందే. ఈ అమ్మాయి ఏప్రిల్‌లో ఒక రోజు మానింది. జులై రెండో వారంలో జ్వరం, ఆయాసం వచ్చాయి. ఊపిరితిత్తుల చుట్టూ ఉండే పొరల్లో నీరు చేరిందని ఎక్స్‌రేలో కనబడింది. నీరు తీసి పరీక్షిస్తే టీబీ అని తేలింది. ఆరు నెలల మందులు మొదలుపెట్టారు. జులై 14 నుంచి ఆమె బడికి రాలేదు. జులైలో 16 రోజులు, ఆగస్టులో 23 రోజులూ పోయాయి.

ఆగస్టు 31న టీచర్ కూర్చుని శాతం వేస్తే 88 పనిదినాల్లో 48 హాజరు, అంటే 54.5 శాతం. చూడగానే గుండె జారుతుంది. 60 కూడా లేదు, పిల్లకు ఈ ఏడాది లేనట్టే అనిపిస్తుంది. కానీ మధ్యలో వేసే శాతంతో నిర్ణయానికి రాకూడదు. ఏడాది మొత్తానికి అనుమతి ఉన్న 45 రోజుల్లో ఎన్ని వాడుకుందో చూడాలి. ఇప్పటికి 40 వాడుకుంది, ఇంకా అయిదున్నాయి. సెప్టెంబరు మొదటి వారంలోనే తిరిగొస్తే కండోనేషన్ అవసరమే రాకపోవచ్చు. నెల చివర శాతంతో పాటు ‘ఇక ఎన్ని రోజులు మిగిలాయి’ అనే అంకె కూడా తల్లిదండ్రులకు చెప్పే టీచర్ ఆ ఇంటికి పెద్ద ఉపకారం చేసినట్టే. శాతం వాళ్లను భయపెడుతుంది. మిగిలిన రోజుల లెక్క చేతిలో ఉంటే ఆ ఇంట్లో వాళ్లు ఏం చేయాలో ఆలోచించుకోగలుగుతారు.

ఈ అమ్మాయి వెంటనే రాలేకపోయింది. సెప్టెంబరు 15న వచ్చింది. ఆ నెలలో 12 రోజులు పోయాయి. అంటే మొత్తం 52. ఆ రోజే తేలిపోయింది, ఇక డిసెంబరు దాకా ఒక్కరోజు మానకపోయినా 180లో 128 మాత్రమే, 71.1 శాతం. కండోనేషన్ తప్పదు. కేసు ఫైలు తెరవాల్సింది సెప్టెంబరు 15న. జనవరి దాకా ఆగాల్సిన పని లేదు.

తర్వాత మందుల కోసం ఆసుపత్రికి వెళ్లిన రోజులు, నీరసంతో ఆగిపోయిన రోజులు కలిపి అక్టోబరులో అయిదు, నవంబరులో మూడు, డిసెంబరులో రెండు. మొత్తం గైర్హాజరు 62 రోజులు. హాజరు 118. శాతం 65.6. కావలసిన 135కు 17 రోజులు తక్కువ. 60 శాతానికి పైనే ఉంది కాబట్టి మామూలు కండోనేషన్ పరిధిలో ఉన్నట్టే.

కాగితాల సంగతికి వస్తే, దీర్ఘ అనారోగ్యం కేసులో బోర్డు అడిగేవి నాలుగే. తల్లిదండ్రుల అర్జీ, జబ్బు ఏమిటో చెప్పే ప్రభుత్వ డాక్టరు సర్టిఫికెట్, ఎక్స్‌రేలతో సహా వైద్య రిపోర్టులన్నీ, నిర్ణీత నమూనాలో బడి సిఫారసు. జాబితా చిన్నదే. కేసులు చిక్కుబడేది ఆ నాలుగు కాగితాలు ఒకదానితో ఒకటి కలవకపోవడం వల్లే.

మన ఉదాహరణలో ఆ చిక్కు ఇలా వచ్చింది. డాక్టరు మొదట ఇచ్చిన సర్టిఫికెట్‌లో విశ్రాంతి ఆగస్టు 31 దాకా అని ఉంది. పిల్ల వచ్చింది సెప్టెంబరు 15న. మధ్యలో 12 పనిదినాలకు కాగితం లేదు. తండ్రి సులువైన దారి ఆలోచించాడు. ఆ 31ని దిద్దించెయ్యడమో, తెలిసిన డాక్టరు దగ్గర వెనకటి తేదీతో ఇంకో సర్టిఫికెట్ తేవడమో చేద్దామనుకున్నాడు. పాపం, ఆ పిల్లకు నిజంగానే ఒంట్లో బాగోలేదు. అబద్ధపు కాగితంతో ఆ నిజం మీదే అనుమానం వచ్చేది. కార్యాలయంలో ఫైలు చూసేవాళ్లు ముందు తేదీలే చూస్తారు. జులై, ఆగస్టు, సెప్టెంబరు నెలల సర్టిఫికెట్లు మూడూ డిసెంబరులో ఒకే రోజున ఒకే పెన్నుతో రాసి ఉంటే చెప్పడానికి వేరే సాక్ష్యం అక్కర్లేదు.

నిజమైన దారి ఇంట్లోనే దొరికింది. సెప్టెంబరు 1న పిల్లను చూపించుకోవడానికి వెళ్లినప్పటి ఓపీ చీటీ తల్లి దాచి ఉంచింది. బరువు తగ్గిందని, రెండు వారాలు ఆగి బడికి పంపమని డాక్టరు అందులో రాశారు. సర్టిఫికెట్ కాకపోయినా అదీ వైద్య కాగితమే, పైగా రోజు నాటిది. దాన్నే మొదటి సర్టిఫికెట్ వెనుక పెట్టి, తల్లి అర్జీలో ఒక వాక్యం రాస్తే చాలు. ఓపీ చీటీ కూడా లేకపోతే? ఆ 12 రోజులకు వైద్య కాగితం లేదని, నీరసంగా ఉందని ఇంట్లోనే ఉంచామని తల్లిదండ్రులు ఉన్నదున్నట్టు రాయడమే మేలు. 62 రోజుల్లో 50కి గట్టి కాగితాలున్న ఫైలులో ఆ ఒప్పుకోలు పెద్దగా చెడ్డపేరు తేదు. మొత్తం 62కీ అనుమానపు కాగితాలుంటే మాత్రం కేసే కూలుతుంది.

మొదట్లో టీచర్ పెన్ను తటపటాయించిన చోటికి ఇప్పుడు వెళ్దాం. ఆగస్టులో ఆమె జాలిపడి నాలుగు ‘హా’లు వేసి ఉంటే ఏమయ్యేది? ఆసుపత్రి డిశ్చార్జి కాగితంలో పిల్ల ఆగస్టు 6 నుంచి 11 దాకా వార్డులో ఉందని ఉంటుంది. రిజిస్టర్‌లో ఆగస్టు 8న పిల్ల బడిలో ఉన్నట్టుంటుంది. రెండూ ఒకే కవరులో బోర్డుకు వెళ్తాయి. ఆ తర్వాత రిజిస్టర్‌లోని మిగతా 38 మంది హాజరునూ ఎవరూ నమ్మరు. 2025 ఆగస్టులో సీబీఎస్‌ఈ బడులన్నిటికీ మళ్లీ గట్టిగా గుర్తుచేసింది ఇదే. హాజరు రోజూ నమోదు కావాలి, దానిమీద క్లాస్ టీచర్‌తో పాటు బడి అధికారి సంతకం ఉండాలి, ఎప్పుడైనా తనిఖీకి వస్తాం అని చెప్పింది. జబ్బుతో సెలవు పెడితే వైద్య కాగితాలు వెంటనే ఇవ్వాలని, రాతపూర్వకంగా చెప్పకుండా మానితే దాన్ని అనుమతి లేని గైర్హాజరుగా చూస్తామనీ తెలిపింది. బడికి రాకుండా కోచింగ్ సెంటర్లలో కూర్చునే డమ్మీ విద్యార్థులను దృష్టిలో పెట్టుకుని బిగించిన నిబంధనలివి. ఆ బిగింపులో నిజంగా మంచాన పడిన పిల్ల నలగకుండా ఉండాలంటే ఆమె కాగితాలు శుభ్రంగా ఉండటం ఒక్కటే మార్గం.

రిజిస్టర్‌లో గుర్తు ఎలా వేయాలన్నది చిన్న విషయంలా కనబడుతుంది. కొన్ని బడుల్లో రాని రోజుకు ‘ఆ’ మాత్రమే వేస్తారు. కొన్నింట్లో సెలవు చీటీ ఇస్తే ‘సె’, వైద్య కాగితం ఇస్తే ‘మె.సె’ అని రాస్తారు. రెండో పద్ధతి మేలు, నెలల తర్వాత చూసినా ఏ రోజులకు కాగితం ఉందో ఒక్క చూపులో తెలుస్తుంది. అయితే నెలాఖరున కూడేటప్పుడు ‘మె.సె’ను హాజరులో కలపకూడదు. ఈ పొరపాటు అనుకున్నదానికంటే ఎక్కువగా జరుగుతుంది. చాలా బడుల్లో ఇప్పుడు కంప్యూటరులోనో ఫోన్ యాప్‌లోనో కూడా హాజరు వేస్తున్నారు కాబట్టి, కాగితం రిజిస్టర్‌లోని మొత్తం, తెరమీది మొత్తం నెలకోసారి సరిచూడాలి. రెండు చోట్లా రెండు అంకెలుంటే జనవరి మొదటి వారంలో అసలు కథ మొదలవుతుంది.

జబ్బు పేరు మాత్రం రిజిస్టర్‌లో ఎక్కడా రాయకూడదు. ఆ పుస్తకం స్టాఫ్ రూమ్ బల్ల మీద ఉంటుంది, క్లాస్ లీడర్ మోసుకొస్తాడు, బదులు వచ్చిన టీచర్ తెరుస్తాడు. ‘టీబీ’ అనే రెండక్షరాలు ఒకసారి అక్కడ పడితే, పిల్ల తిరిగొచ్చే సరికి పక్క బెంచీ ఖాళీ అయిపోతుంది. మందులు సరిగా వేసుకుంటున్న పిల్ల, డాక్టరు సరేనన్నాక బడికి వస్తే ఎవరికీ ప్రమాదం లేదన్న మాట అప్పుడు ఎంత చెప్పినా ఎక్కదు. రిజిస్టర్‌లో ‘మె.సె’, ప్రిన్సిపాల్ బీరువాలో మూసిన కవరు. మధ్యలో ఎవరికీ వివరం అక్కర్లేదు.

ఆ కవరులో ఏముండాలి? అన్నిటికంటే పైన ఒక తేదీల కాగితం. పిల్ల పేరు బడి అడ్మిషన్ రిజిస్టర్‌లో ఉన్నట్టే ఇంటిపేరుతో సహా రాయాలి. ఆసుపత్రి కాగితాల్లో ఇంటిపేరు ఎగిరిపోవడం, పేరు ముక్కలు తారుమారు కావడం మామూలే. తేడా ఉంటే ఇద్దరూ ఒకరేనని తండ్రి చేత ఒక లేఖ అప్పుడే తీసుకోవాలి. దాని కింద ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా రాలేదు, అందులో పనిదినాలెన్ని, ఏ కాగితం ఆ రోజులకు ఆధారం అన్నది వరుసగా రాయాలి. మన అమ్మాయికి ఆ కాగితంలో ఆరేడు వరుసలు వస్తాయి. ఆ తర్వాత కాగితాలు అదే వరుసలో ఉండాలి. వచ్చిన ప్రతి సెలవు చీటీ మీద, సర్టిఫికెట్ మీద అది ఏ రోజు బడికి అందిందో ముద్ర వేసి, ఇన్‌వర్డ్ నంబరు రాయాలి. ఆగస్టు చీటీ ఆగస్టులోనే వచ్చిందని చెప్పేది ఆ నంబరే. తల్లి వాట్సాప్‌లో పంపిన సెలవు చీటీ అయితే దాన్ని ముద్రించి, అందిన తేదీ రాసి, ఇన్‌వర్డ్‌లో ఎక్కించాలి. ఫోన్ పోతే ఆధారమూ పోతుంది.

సర్టిఫికెట్ విషయంలో తల్లిదండ్రులు అక్కడికక్కడే చూసుకోవాల్సినవి కొన్నున్నాయి. డాక్టరు పేరు, రిజిస్ట్రేషన్ నంబరు, జబ్బు పేరు, విశ్రాంతి మొదలైన తేదీ, ముగిసే తేదీ, సంతకం కింద ఇచ్చిన తేదీ. వైద్యులకు 2002 నాటి నియమావళి ఉంది. దాని ప్రకారం డాక్టర్లు తామిచ్చే మెడికల్ సర్టిఫికెట్లకు రిజిస్టర్ నిర్వహించాలి, రోగి ఒంటి మీది గుర్తు ఒకటి నమోదు చేయాలి, నకలు దగ్గర పెట్టుకోవాలి. అందుకే చేయి తిరిగిన డాక్టరు సర్టిఫికెట్ మీద ‘కుడి మోచేతి మీద పుట్టుమచ్చ’ లాంటి వాక్యం కనిపిస్తుంది. ఇన్‌పేషెంటు రికార్డులు మూడేళ్లు భద్రపరచాలని, రోగి తరఫున అడిగితే 72 గంటల్లో ఇవ్వాలనీ అదే నియమావళిలో ఉంది. డిశ్చార్జి కాగితం పోయిందని కూర్చోకుండా ఆసుపత్రికి వెళ్లి అడగవచ్చు.

ప్రైవేటు ఆసుపత్రిలో వైద్యం చేయించినవాళ్లకు ఇంకో గండం ఉంది. బోర్డు అడిగేది ప్రభుత్వ డాక్టరు సర్టిఫికెట్. జనవరి 3న ఏరియా ఆసుపత్రికి వెళ్లి, “జులైలో మా పిల్లకు బాగోలేదు, రాసివ్వండి” అంటే అక్కడి డాక్టరు ఇబ్బంది పడతారు, పడాలి కూడా. తను చూడని జబ్బుకు తనెలా పూచీ పడతారు? అందుకే పిల్లకు ఇంకా వైద్యం జరుగుతున్నప్పుడే, రిపోర్టులన్నీ తీసుకుని పిల్లతో సహా ఒకసారి ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లాలి. అక్కడి డాక్టరు కళ్లారా చూసి రాసిన కాగితానికి విలువ వేరు. మన ఉదాహరణలో ఈ బాధ తప్పింది. టీబీ మందులు ప్రభుత్వ కార్యక్రమం నుంచే ఉచితంగా వస్తాయి, రోగి పేరు నిక్షయ్ వ్యవస్థలో నమోదవుతుంది. కాబట్టి ప్రభుత్వ కాగితం మొదటిరోజు నుంచే ఉంది.

ప్రిన్సిపాల్ రాసే సిఫారసులో ఏముండాలన్నది వేరే సంగతి. ‘విద్యార్థిని క్రమశిక్షణ గలది, చదువులో ముందుంటుంది, కావున మన్నించగలరు’ అని రాసే అలవాటు పాతది. ప్రాంతీయ కార్యాలయానికి దానివల్ల ఏమీ తెలియదు. వాళ్లకు కావలసింది నాలుగు వాస్తవాలు. జబ్బుకు ముందు హాజరు ఎలా ఉంది, జబ్బు ఎన్ని రోజులు తీసుకుంది, తిరిగొచ్చాక ఎలా వచ్చింది, కాగితం లేని రోజులేమైనా ఉన్నాయా. మన అమ్మాయి జులై 13 దాకా 49 రోజుల్లో ఒక్కరోజే మానింది. తిరిగొచ్చాక డిసెంబరు చివరిదాకా 80 రోజుల్లో పది మాత్రమే మానింది, అవీ మందుల రోజులే. ఈ రెండు వాక్యాలు చదివితే చాలు, మధ్యలో ఉన్న గుంత జబ్బుదేనని తెలిసిపోతుంది. అన్నట్టు, సిఫారసు చేయడం ఇష్టం లేకపోతే ప్రిన్సిపాల్ కేసును పక్కన పడెయ్యడానికి వీల్లేదు. పరిమితిలో ఉన్న కేసయితే, ఎందుకు సిఫారసు చేయడం లేదో కారణం రాసి మరీ బోర్డుకు పంపాలని నిబంధన. ఈ సంగతి తెలిసిన తల్లిదండ్రులు తక్కువ.

హాజరు ఒక్కటే చూసుకుంటూ మరిచిపోయే విషయాలు రెండున్నాయి. పరీక్ష రాసేవాళ్ల జాబితాను బడులు ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో బోర్డుకు పంపుతాయి. దాన్ని ఎల్‌ఓసీ అంటారు. సరిగ్గా ఆ సమయానికే పిల్ల ఆసుపత్రిలో ఉంటే, ‘వస్తుందో రాదో’ అని పేరు ఆపేసే ప్రమాదముంది. జాబితాలో పేరు లేకపోతే కండోనేషన్ వచ్చినా ఉపయోగం లేదు. హాజరు తక్కువున్నా పేరును షరతుతో పంపడానికి నిబంధన ఒప్పుకుంటుంది. రెండోది ఇంటర్నల్ మార్కులు. పదో తరగతిలో ప్రతి ప్రధాన సబ్జెక్టుకు 20 మార్కులు బడిలోనే వేస్తారు. మూడు పీరియాడిక్ టెస్టుల్లో మెరుగైన రెండింటి సగటు తీసుకుంటారు కాబట్టి జులై టెస్టు ఒకటి పోయినా పిల్లకు దెబ్బ తగలదు. నోటు పుస్తకాలు, ప్రాజెక్టు పనులు మాత్రం తిరిగొచ్చాక చేయించి, చేయించిన తేదీ రాసి పెట్టాలి. చేయించకుండా సగటు మార్కులు వేసేస్తే అదీ అబద్ధపు హాజరు లాంటిదే.

అందరి కథా 65 శాతం దగ్గర ఆగదు. లుకేమియా వచ్చిన కుర్రాణ్ని తీసుకోండి. మొదటి ఆరేడు నెలలు కీమో తీవ్రంగా నడుస్తుంది. మందు ఎక్కించే రోజులు కొన్నే. కానీ ఆ మధ్యలో తెల్ల రక్తకణాలు పడిపోయి, 40 మంది ఉన్న గదిలో కూర్చోవడమే ప్రమాదమవుతుంది. ఆసుపత్రి కాగితాల్లో కనిపించేవి 30 రోజులు, బడి మానినవి 110. హాజరు 180లో 70, అంటే 38.9 శాతం. ఇలాంటి ఫైలులో డిశ్చార్జి కాగితాలు మాత్రమే పెడితే ‘మిగతా 80 రోజులు ఎందుకు రాలేదు’ అన్న ప్రశ్న వస్తుంది. జనం గుమిగూడే చోటికి పంపవద్దని, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా అన్నది క్యాన్సర్ డాక్టరు విడిగా రాసివ్వాలి. ఆ ఒక్క కాగితమే కేసును నిలబెడుతుంది. 60 శాతం లోపు కాబట్టి అసాధారణ కేసుగానే వెళ్తుంది, రావచ్చు, రాకపోవచ్చు. వస్తుందని ఎవరూ మాటివ్వకూడదు.

అక్కడ తల్లిదండ్రులతో ఇంకో మాట కూడా మాట్లాడాలి. ఆ ఏడాదే పరీక్ష రాయించడం పిల్లవాడికి మంచిదా? తరగతి మళ్లీ చదవడం ఒక దారి. జాతీయ ఓపెన్ స్కూల్, లేదా మన రెండు రాష్ట్రాల ఓపెన్ స్కూళ్లు ఇంకో దారి, అక్కడ రోజూ బడికి రావాలన్న నిబంధన లేదు. ఈ మాట అక్టోబరులో జరిగితే అదొక నిర్ణయం. జనవరి 8న జరిగితే వాళ్లకు ఇక ఎంచుకునేదేమీ మిగలదు.

ఇంజినీరింగ్ కాలేజీల్లో లెక్క ఇంకా కఠినం. జేఎన్‌టీయూ హైదరాబాద్ నిబంధనల్లో సెమిస్టరుకు 75 శాతం ఉండాలి. 65కూ 75కూ మధ్య ఉంటే సరైన కారణానికి కాలేజీ కమిటీ, రుసుము కట్టించుకుని మన్నించవచ్చు. 65 లోపు పడితే ఏ జబ్బయినా మన్నింపు లేదు. సెమిస్టరులో 90 పనిదినాలుంటే 31 రోజులు మానవచ్చు, 32వ రోజుతో గీత దాటినట్టే. కాలు విరిగి ఆరు వారాలు కట్టుతో ఉన్న కుర్రాడికి, వారానికి ఆరు రోజుల చొప్పున 36 రోజులు పోతాయి. హాజరు 60 శాతం. ఎన్ని సర్టిఫికెట్లు తెచ్చినా ఆ సెమిస్టరులో డిటెయిన్ అవుతాడు, మళ్లీ ఆ సెమిస్టరు వచ్చినప్పుడే చేరాలి. కట్టు వేసిన రోజునే ఈ లెక్క వేసుకుంటే, నాలుగో వారంలో చక్రాల కుర్చీలోనైనా తరగతికి రావడానికి వీలుంటుందా అని డాక్టరును అడగడానికి సమయముంటుంది. కింది అంతస్తులో తరగతి గది ఇవ్వమని కాలేజీకి ఒక అర్జీ పెట్టవచ్చు. కాలేజీ అంతకంటే పెద్ద సాయం చేయలేదు.

మళ్లీ ఆ పదో తరగతి గదికి వెళ్తే, డిసెంబరు 31 సాయంత్రం టీచర్ 17వ నంబరు వరుసను చివరి గడి దాకా కూడుతుంది. 118. పక్కనే పెన్సిల్‌తో 62 అని వేసి, తేదీల కాగితంలోని మొత్తంతో సరిచూస్తుంది. సరిపోయింది. మొదటి వారంలోనే ఫైలు వెళ్తుంది, దాని నకలు బీరువాలో ఉంటుంది. ఫలితాలు వచ్చి, మార్కుల జాబితా పిల్ల చేతికి అందేదాకా దాన్ని కదపరు. ఎక్స్‌రే ఫిల్ములు మాత్రం పని అయ్యాక తల్లికి తిరిగి ఇచ్చి, అందినట్టు ఫైలులో సంతకం తీసుకోవాలి. మందులు పూర్తయ్యాక తీసే కొత్త ఎక్స్‌రేను డాక్టరు పక్కన పెట్టి చూసేది ఆ పాతవాటితోనే.